రెండూ బట్టల గురించే కదా టీచర్!

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు రీజనింగ్ చెప్పేటప్పుడు, అనాలజీ పాఠంలో నేను బోర్డు మీద రాసే బిట్టు ఇది.

నేతగాడు : మగ్గం :: ?

1. దర్జీ : బట్ట
2. కుమ్మరి : సారె
3. నూలు : వస్త్రం
4. రైతు : పొలం

ఏ సంవత్సరం బ్యాచ్ అయినా ఎక్కువ చేతులు ఒకటికో మూడుకో లేస్తాయి. ఎందుకమ్మా అంటే వచ్చే జవాబు కూడా ఒకటే. "నేతగాడు, మగ్గం అంటే బట్టలు. ఇదీ బట్టలే. రెండూ బట్టల గురించే కదా టీచర్!"

ఆ పిల్లలు చెప్పింది అబద్ధం కాదు. రెండు జతలూ బట్టల గురించే. కాకపోతే ప్రశ్న అది అడగలేదు. మొదటి జతలోని రెండు మాటల మధ్య ఏ సంబంధం ఉందో, అదే సంబంధం ఏ జతలో ఉందని అడిగింది. జవాబు రెండు. నేతగాడు మగ్గం మీద నేస్తాడు, కుమ్మరి సారె మీద కుండ చేస్తాడు. బట్టకూ మట్టికీ పొత్తు లేకపోయినా పని చేసే మనిషికీ పని సాధనానికీ ఉన్న సంబంధం రెండు చోట్లా ఒక్కటే.

రంగం ఒకటే ఉండి సంబంధం వేరుగా ఉన్న జతను ఆప్షన్లలో పెట్టడం పిల్లల్ని మోసం చెయ్యడమని మా స్టాఫ్‌రూమ్‌లోనే కొందరు అంటారు. "అంత మెలిక పెట్టడం దేనికి మేడమ్, తెలిసిన పిల్లాడు కూడా తప్పు పెడతాడు" అని. నేను ఒప్పుకోను. ఆ ఆప్షన్ తీసేస్తే ఆ బిట్టులో ప్రశ్నే మిగలదు. పిల్లలకు జరిగే అన్యాయం ఒకటుంది. అయితే అది ఈ మెలికలో లేదు, వేరే రెండు చోట్ల ఉంది. అక్కడికి వస్తాను.

ముందు ఆ ఒకటో ఆప్షన్ సంగతి చూద్దాం. మూడోది కాస్త నిదానిస్తే దొరికిపోతుంది. నూలు నుంచి వస్త్రం తయారవుతుంది, అది ముడిసరుకూ తయారైన వస్తువూ. అందులో మనిషే లేడు. మొదటి జతలో మనిషి ఉన్నాడు కదా అని ఒక్క మాట గుర్తు చేస్తే సగం మంది పిల్లలు దాన్ని వదిలేస్తారు. ఒకటోది అలా వదలదు. దర్జీ కూడా పనివాడే, బట్ట కూడా అతని పనిలోదే, పైగా రంగం కూడా కలిసింది. తేడా ఒక్కచోటే ఉంది: మగ్గం సాధనం, బట్ట సరుకు. ప్రశ్న తయారుచేసేవాళ్ల పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది. అన్నీ కలిపి ఒక్కటి మార్చిన ఆప్షనే గట్టి ఆప్షన్. 'నేతగాడు : మగ్గం' పక్కన 'ఏనుగు : తొండం' అని పెడితే దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఆ ఆప్షన్ ఉన్నా లేనట్టే.

దీనికి గైడ్లలోనూ కోచింగుల్లోనూ చెప్పే మందు, జతను వాక్యంగా మార్చమని. మంచి సలహానే, కానీ సగం సలహా. పిల్లలు వెంటనే రాసే వాక్యం "నేతగాడు మగ్గాన్ని వాడతాడు". ఇదే వాక్యాన్ని ఆప్షన్లలో పెట్టి చూడండి. దర్జీ బట్టను వాడతాడు, సరిపోయింది. కుమ్మరి సారెను వాడతాడు, సరిపోయింది. రైతు పొలాన్ని వాడతాడంటే కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా అదీ నడుస్తుంది. వాక్యం రాసినా ఆప్షన్లు తగ్గలేదు. మూడు సరిపోయేసరికి పిల్లవాడు మళ్లీ రంగం వైపే చూస్తాడు, బట్టలున్న దాన్ని పెట్టి వస్తాడు. తీరా తప్పని తేలాక "వాక్యం రాశాను టీచర్, అయినా తప్పొచ్చింది" అంటాడు. వాడి బాధలో న్యాయం ఉంది.

వాడటం, ఉండటం, సంబంధించినది కావడం, పాల్గొనడం. ఈ నాలుగూ అనాలజీ వాక్యాల్లో పనికిరావని మా క్లాసులో చెప్పేస్తాను. దేనికైనా సరిపోయే క్రియ దేన్నీ వేరు చెయ్యదు. ఆ రంగంలో వాళ్లు అనే క్రియ కావాలి. మగ్గం మీద నేస్తాడు, బట్టను కత్తిరిస్తాడు, కుడతాడు. అలా అనగానే మగ్గం దేనికోసమో, బట్ట దేనికోసమో విడిపోతాయి.

అయితే క్రియ మార్చినంత మాత్రాన పని అయిపోదు, మన విభక్తులు కొన్నిసార్లు దెబ్బ తీస్తాయి. వడ్రంగిని తీసుకోండి. "రంపంతో బల్ల చేశాడు", "టేకుతో బల్ల చేశాడు". రెండూ చక్కని తెలుగే, రెండింట్లోనూ 'తో'యే. ఒకటి సాధనం, ఇంకొకటి సరుకు. చెవికి తేడా తెలియదు. అందుకని వాక్యం పక్కన ఇంకొక ప్రశ్న వేయమంటాను: పని అయ్యాక ఆ వస్తువు ఎక్కడుంది? రంపం మళ్లీ మేకుకు వేలాడుతోంది, టేకు బల్లలో ఉంది. మగ్గం ఇంట్లోనే ఉంది, దర్జీ బట్ట చొక్కా అయి ఎవరి ఒంటి మీదో ఉంది. సారె కుమ్మరి వాకిట్లోనే ఉంది. పిల్లలకు ఈ ప్రశ్న ఇట్టే పట్టుబడుతుంది, ఎందుకంటే దీనికి రీజనింగ్ పరిభాష అక్కర్లేదు.

ఈ ప్రశ్నకూ ఒక హద్దుంది. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలోని అనాలజీ ఒకటి పరిశోధన పత్రాల్లో నమూనాగా తరచు కనిపిస్తుంది. తాపీమేస్త్రి : రాయి అని ఇచ్చి ఐదు జతలు పెట్టారు. ఉపాధ్యాయుడు : సుద్దముక్క, వడ్రంగి : కలప, సైనికుడు : తుపాకి, ఫొటో : కెమెరా, పుస్తకం : పదం. జవాబు వడ్రంగి : కలప. రాయి గోడలో ఉండిపోతుంది, కలప బల్లలో ఉండిపోతుంది. తుపాకి సైనికుడి చేతికే తిరిగొస్తుంది కాబట్టి అది సాధనం. మరి సుద్దముక్క? అది పని అయ్యేసరికి అరిగిపోతుంది. మిగల్లేదు కాబట్టి సరుకే అంటారు పిల్లలు. సరుకంటే పోయేది కాదు, చేసిన వస్తువులో చేరేది అని అక్కడ చెప్పాల్సి వస్తుంది. టీచరు తయారుచేసేది సుద్దతో చేసిన వస్తువు కాదు. అయినా ఒకడు "బోర్డు మీద అక్షరాలు సుద్దవే కదా" అంటాడు. అనాలి కూడా. ఆ వాదన దాకా వచ్చినవాడు రంగం చూసి పెట్టే దశ దాటిపోయాడు.

ఇక అన్యాయం అన్నాను కదా, మొదటిది మన ప్రాక్టీసు పుస్తకాల్లోనే ఉంది. ఏ పుస్తకమైనా తెరిచి అనాలజీ అధ్యాయం మొదటి పేజీ చూడండి. కుక్క : కుక్కపిల్ల :: ఆవు : దూడ. ఆంధ్రప్రదేశ్ : అమరావతి :: తెలంగాణ : హైదరాబాద్. కన్ను : చూపు :: చెవి : వినికిడి. వీటన్నిట్లో సంబంధం సరిపోయింది, రంగం కూడా సరిపోయింది. జంతువులకు జంతువులు, రాష్ట్రాలకు రాష్ట్రాలు. ఇలాంటివి వంద చేసిన పిల్లవాడికి ఏం అలవాటవుతుంది? రంగం చూసి పెట్టినా మార్కు వస్తుందని అలవాటవుతుంది. సంబంధం చూడాల్సిన అవసరం వాడికి ఒక్కసారీ రాలేదు. తరువాత పరీక్షలో రంగాన్నీ సంబంధాన్నీ విడదీసిన బిట్టు వస్తుంది, వాడు తనకు నేర్పిందే చేస్తాడు. మెలిక పెట్టినవాణ్ని తిట్టే బదులు, మెలిక లేకుండా వంద బిట్లు చేయించినవాళ్లను అడగాలి.

అదే ఆవు, దూడల్ని ఇలా ఇచ్చి చూడండి. ఆవు : దూడ :: ? ఆప్షన్లు: గుర్రం : లాయం, మేకపిల్ల : మేక, గేదె : పాలు, చెట్టు : మొలక. ఇక్కడ జంతువుల్ని వెతికితే మూడు దొరుకుతాయి, మూడూ తప్పు. గుర్రం లాయంలో ఉంటుంది, గేదె పాలిస్తుంది. మేకపిల్లలో రంగం కలిసింది, సంబంధం కూడా కలిసింది, వరస తిరగబడింది. పెద్దది ముందు, చిన్నది వెనక ఉండాలి. మిగిలింది చెట్టు : మొలక. మొలక పెరిగి చెట్టవుతుంది, దూడ పెరిగి ఆవవుతుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లలు ఈ జవాబును ఒప్పుకోవడానికి మొరాయిస్తారు. జంతువు పక్కన చెట్టు ఎలా వస్తుందని. ఆ మొరాయింపు తగ్గడానికి బిట్ల సంఖ్య పెంచనక్కర్లేదు. జవాబు వేరే రంగంలో ఉన్న బిట్లు సగమైనా ఉండాలి.

కొన్ని కోచింగుల్లో దీనికి విరుగుడుగా తిరకాసు చిట్కా ఒకటి నేర్పుతారు: మొదటి జత రంగంలోనే ఉన్న ఆప్షన్ కనిపిస్తే కళ్లు మూసుకుని కొట్టెయ్యమని. పెద్ద పరీక్షల్లో దూరపు జవాబులు ఎక్కువ కాబట్టి అక్కడ ఇది కొంతవరకు పనిచేస్తుందేమో. మన పేపర్లలో కుక్క : కుక్కపిల్ల :: ఆవు : దూడ రకం బిట్లు కూడా వస్తాయి కదా, అక్కడ ఈ చిట్కా పట్టుకున్నవాడు సరైన జవాబునే ముందు కొట్టేస్తాడు. రంగం కలిసిందని పెట్టడం ఎంత తప్పో, రంగం కలిసిందని తీసెయ్యడమూ అంతే తప్పు. రెండింట్లోనూ సంబంధం చూడలేదు.

పిల్లలకు సంబంధం పట్టుకునే శక్తి ఆ వయసుకు రాదేమో అనే వాదన ఒకటుంది. దాన్ని తోసిపుచ్చే ప్రయోగం 1990లో ఉషా గోస్వామి, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రచురించారు. చిన్నపిల్లలకు బొమ్మలు చూపించి ఆడించారు. పక్షికి గూడు ఎలాగో కుక్కకు ఏమిటి? పెట్టిన బొమ్మలు నాలుగు: కుక్క ఉండే చిన్న ఇల్లు, ఎముక, పిల్లి, ఇంకొక కుక్క. ఎముక మన 'దర్జీ : బట్ట' లాంటిది, కుక్క అనగానే తోచేది. నాలుగేళ్ల పిల్లలు కూడా గుడ్డిగా పెడితే వచ్చేదానికన్నా ఎక్కువసార్లు కుక్క ఇంటినే ఎంచుకున్నారు. ఊరికే కుక్కతో ఏది పోతుందని అడిగితే అలా ఇంటి వైపే మొగ్గలేదు. కాబట్టి పిల్లలకు రెండు దారులూ తెలుసు. సంబంధం వాళ్లకు పరిచయమున్నదైతే దాన్నే పట్టుకుంటారు. పరిచయం లేకపోతే తోచినదాన్ని పట్టుకుంటారు. మనమూ అంతే, ఆఫీసు పరీక్ష రాస్తున్న పెద్దవాళ్లమైనా.

ఒక పిల్లవాడు ఏ దారిలో వెళ్తున్నాడో కనిపెట్టే పద్ధతి కూడా పాతదే. థామస్ ఆకెన్‌బాక్ 1970లో బడిపిల్లల కోసం ప్రచురించిన ఒక పరీక్షలో అనాలజీలు రెండు రకాలు. కొన్నిట్లో చూడగానే తోచే తప్పు ఆప్షన్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. మొత్తం మార్కులతో పాటు ఆ రెండు రకాల మధ్య తప్పుల తేడాను చూస్తారు. తరగతి గదిలో దీన్ని ఎవరైనా చెయ్యొచ్చు. నేతగాడి బిట్టునే ఒకసారి 'దర్జీ : బట్ట', 'నూలు : వస్త్రం' తీసేసి వాటి స్థానంలో 'పాఠశాల : గంట', 'మామిడి : తీపి' పెట్టి ఇవ్వండి. కొన్నాళ్ల తరువాత అసలు బిట్టు ఇవ్వండి. మొదటిది ఒప్పు, రెండోది తప్పు పెట్టిన పిల్లవాడికి సారె అంటే తెలుసు, సంబంధమూ అందుతుంది, ఎర కనిపిస్తేనే జారిపోతున్నాడు. వాడికి కావలసింది సరైన క్రియ. రెండూ తప్పు పెట్టినవాడి సంగతి వేరు. వాడికి సారె అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఇప్పటి పిల్లల్లో చాలామంది కుమ్మరి సారె చూసి ఉండరు. వాడికి రీజనింగ్ పాఠం మళ్లీ చెప్పి లాభం లేదు, సారె చూపించాలి.

రెండో అన్యాయం ఇదే, మాటల దగ్గర. దీనికి శాట్ చరిత్రలోనే బాగా రచ్చకెక్కిన బిట్టు ఉంది. పరుగుపందెగాడు : మారథాన్ అని ఇచ్చారు. ఆప్షన్లు: రాయబారి : రాయబార కార్యాలయం, అమరుడు : మారణకాండ, తెడ్డు వేసేవాడు : రెగట్టా, రిఫరీ : టోర్నమెంట్, గుర్రం : గుర్రపుశాల. జవాబు రెగట్టా, అంటే పడవ పందేలు. పడవ పందేలు చూసే డబ్బున్న కుటుంబాల పిల్లలకు తెలిసిన మాట, పేద పిల్లలకూ నల్లజాతి పిల్లలకూ తెలియని మాట అని విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ రెగట్టా తెలియని పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడో చూడండి. నేరుగా రిఫరీ దగ్గరికి. ఆటకు ఆట, రంగం కలిసింది. "పరుగుపందెగాడు మారథాన్‌లో పాల్గొంటాడు" అని వదులు వాక్యం రాసుకుంటే రిఫరీ కూడా టోర్నమెంట్‌లో పాల్గొన్నట్టే. "గెలవడానికి పోటీ పడతాడు" అని బిగించి రాసుకున్నవాడు మాత్రం రిఫరీని కొట్టేస్తాడు. రాయబారి పని చేసే చోటు, అమరుడు చనిపోయిన సందర్భం, గుర్రం ఉండే చోటు, ఇలా మిగిలినవీ పోతాయి. రెగట్టా అంటే తెలియకుండానే దానికి చేరుకోవచ్చు. చేరుకోవచ్చు గానీ, తెలిసినవాడు క్షణంలో దాటిన బిట్టుకు తెలియనివాడు నాలుగు ఆప్షన్లూ ఒక్కొక్కటే కొట్టుకుంటూ రావాలి. గడియారం ఇద్దరికీ ఒకటే. ఎర దోషం కాదు ఇది. జవాబులో పెట్టిన మాట దోషం.

శాట్ 2005లో అనాలజీలను తీసేసింది, జీఆర్‌ఈ 2011లో తీసేసింది. అంతకుముందు జీఆర్‌ఈ రాసిన మనవాళ్లను అడిగితే వాళ్లకు గుర్తున్నవి సంబంధాలు కాదు, అర్ధరాత్రి దాకా బట్టీ పట్టిన పదాల జాబితాలు. ఆ లెక్కన తీసేసినందుకు ఎవరూ ఏడవలేదు. నాకు మాత్రం పదాల కష్టానికి సంబంధాల ప్రశ్న బలైందనిపిస్తుంది. మగ్గం, రంపం, మేక, మొలక లాంటి మాటలతో కూడా ఎంత గట్టి బిట్టయినా తయారుచెయ్యవచ్చు. మాటలు సులువుగా ఉంచి సంబంధాన్ని బిగిస్తే తప్పు పెట్టిన ప్రతివాడి తప్పుకూ ఒక అర్థం ఉంటుంది.

ఆ నాలుగో ఆప్షన్, రైతు : పొలం, ఊరికే పెట్టలేదు. మా బడికి నేత పని చేసే ఇళ్ల పిల్లలు వస్తారు. వాళ్లలో ఎవరో ఒకరు, అందరూ ఒకటీ మూడూ అని అరుస్తుంటే, నాలుగు అంటారు. పోయినసారి ఒక అమ్మాయి లేచి నిలబడి వివరించింది కూడా. "గుంట మగ్గం టీచర్ మాది. నాన్న కాళ్లు గుంటలో పెట్టి కూర్చుంటాడు. పొద్దున ఎక్కితే భోజనానికే లేస్తాడు. మగ్గం అంటే నాన్న పనిచేసే చోటు. రైతుకు పొలం కూడా పనిచేసే చోటే కదా."

మిగతా క్లాసు నవ్వబోయి ఆగింది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. రంగం చూడలేదు, సంబంధమే చూసింది. ఇంకా చెప్పాలంటే మగ్గం గురించి బిట్టు తయారుచేసేవాళ్లకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఒక జతలో ఒకటికి మించి సంబంధాలు ఉండటం మామూలే. అలాంటప్పుడు ఎక్కువ సంబంధాలు ఒకేసారి సరిపోయే జతను తీసుకోవాలి. కుమ్మరి కూడా సారె ముందు కూర్చునే పనిచేస్తాడు, అదీ అతని చోటే. దానికి తోడు సారె మనిషి చేసిన సాధనం, మగ్గంలాగే. కాళ్లూ చేతులతో దాన్ని కదిలిస్తేనే పని. దాని మీద తయారైన కుండ దాని నుంచి విడిగా బయటికొస్తుంది, మగ్గం మీది చీరలాగా. పొలానికి చోటు కావడం ఒక్కటే కలిసింది. ఇవన్నీ బోర్డు మీద రెండు వరసల్లో రాశాక ఆమె రెండు అని ఒప్పుకుంది. పరీక్షలో అయితే ఆమెకు బోర్డూ లేదు, అంత సమయమూ లేదు. గుండ్రం దిద్దేసి వచ్చేది, ఓఎంఆర్ షీటు ఆమె తప్పునూ 'రెండూ బట్టల గురించే' అన్నవాడి తప్పునూ ఒకే సున్నాగా లెక్కేసేది.

అందుకే స్లిప్ టెస్టుల్లో ఇదే బిట్టు ఇస్తే నాలుగో ఆప్షన్ మార్చి 'రైతు : ధాన్యం' అని పెడతాను. తరగతిలో మాత్రం పొలమే ఉంచుతాను. ఆ వాదన ఎవరో ఒకరు తీసుకురావాలి కదా.